చివరి బాకీ ఏ వరుసలో ఉంది?

అందరికీ నమస్కారం. చిత్తూరు మండీల్లో లెక్కలు రాసేవాళ్లంతా ఒకచోట కూర్చోవడం అరుదు. వేదిక మీది పెద్దలు మన్నించాలి, నేను నేరుగా ఒక రైతు బాకీ దగ్గరికే వెళ్తాను.

తోతాపురి సీజన్లో ఆయన అడ్వాన్సు తీసుకున్నాడు. ఎక్సెల్ షీటులో B1లో శీర్షిక, B2 నుంచి B9 దాకా చేత్తో టైప్ చేసిన బాకీలు. తూకం తేలలేదని గుమస్తా B5 ఖాళీగా వదిలాడు. B8లో 18,400. రైతు 7,200 కట్టాక B9లో 11,200. ప్రస్తుత బాకీ చూపించే D1లో ఈ ఫార్ములా ఉంది:

```
=INDEX(B:B,COUNTA(B:B))
```

COUNTA నిండిన గడులను లెక్కపెడుతుంది, అంతే. శీర్షిక ఒకటి, బాకీలు ఏడు, మొత్తం ఎనిమిది. INDEX ఎనిమిదో వరుసకు వెళ్లి 18,400 తెచ్చింది. ఖాళీ ఒకటుంటే ఒక వరుస వెనక్కి, రెండుంటే రెండు వరుసలు వెనక్కి.

నేనక్కడే ఉన్నాను. "కట్టేశాను సామీ, రసీదు ఇదిగో" అంటాడాయన. "కంప్యూటర్ చెబుతోంది కదా" అంటారు వీళ్లు. B9లో 11,200 ఉంది! కిందికి జరిపి చూసినవాళ్లు లేరు. రసీదు చేతిలో పట్టుకున్న మనిషిని అబద్ధాలకోరు అన్నారు. మీరే చెప్పండి, ఆ మాట ఎవరు వెనక్కి తీసుకుంటారు?

సరే, ఫార్ములాకి వస్తాను. మధ్యలో ఖాళీలు తప్పని చోట ఇది వాడండి:

```
=LOOKUP(2,1/(B2:B500<>""),B2:B500)
```

నిండిన గడికి 1 వస్తుంది. ఖాళీ గడి దగ్గర 1ని సున్నాతో భాగించినట్టై ఎర్రర్ వస్తుంది. LOOKUP ఆ ఎర్రర్లను పట్టించుకోదు. 2 కోసం వెతుకుతుంది, అది ఎక్కడా దొరకదు, అందుకే చిట్టచివరి 1 దగ్గర ఆగి, ఆ వరుసలోని బాకీ ఇస్తుంది. మన షీటులో 11,200. షీటు 500 వరుసలు దాటితే మాత్రం రెండుచోట్లా ఆ అంకె పెంచాలి.

దీనికీ ఒక చిక్కుంది. B10లో ఎవరైనా స్పేస్ కొట్టి వదిలేస్తే అది కంటికి ఖాళీ, ఫార్ములాకి నిండిన గడి. D1 ఖాళీగా కనిపిస్తుంది. అప్పుడు పక్కన =LEN(B10) కొట్టండి. 1 వస్తే అక్కడ స్పేస్ ఉన్నట్టే, డిలీట్ చేయండి.

అయ్యా, అమ్మా, ఒక్కటే అడుగుతున్నాను. ఈ రాత్రికి మీ షీటుకి ఒక కాపీ తీసి, అందులో మధ్యలో ఒక బాకీ చెరిపి D1 చూడండి. అంకె మారిందంటే, రేపు పొద్దున మండీ తెరవకముందే ఫార్ములా మార్చండి. ఆ షీటు చూసి ఇప్పటిదాకా ఎవరెవరికి బాకీ చెప్పారో వాళ్ల రసీదులన్నీ మళ్లీ సరిచూడండి.