లక్ష దాటకపోతే పన్ను లేదని మీకు చెప్పిందెవరు?

"నాలుగు చోట్ల డిపాజిట్లు ఉన్నాయి, రెండు చోట్ల వడ్డీ లక్ష దాటదు. 15హెచ్ ఎక్కడ ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి సార్?"

15హెచ్ అంటే 'నా ఆదాయానికి పన్ను పడదు, వడ్డీలో కోత వేయవద్దు' అని సీనియర్ సిటిజన్లు ఇచ్చే ప్రకటన ఫారం. దాన్ని ఏప్రిల్‌లోనే ఇవ్వాలి. అయితే కలం పట్టే ముందు మీ మొత్తం ఆదాయం ఎంతో కాగితం మీద వేసుకోవాలి. ఆ లక్ష రూపాయల గీత బ్యాంకు కోసం గీసినది, మీ కోసం కాదు. ఒక బ్యాంకు అన్ని శాఖల్లోనూ కలిపి సీనియర్ సిటిజన్‌కు ఇచ్చే డిపాజిట్ వడ్డీ ఏడాదికి లక్ష దాటితే 10 శాతం టీడీఎస్, అంటే వడ్డీ ఇచ్చేటప్పుడే కోసే పన్ను, పట్టుకోవాలన్నదే 2025-26 నుంచి ఉన్న నియమం. అంతకుముందు ఆ పరిమితి 50 వేలు. లక్ష లోపు వడ్డీకి పన్ను లేదని అందులో ఎక్కడా లేదు, మిత్రులారా, ఎక్కడా లేదు!

ఒక లెక్క చూద్దాం. గుంటూరులో 68 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు ఉన్నారనుకోండి. ఆయనకు ఏడాదికి పింఛను 3,60,000. మొదటి బ్యాంకులో డిపాజిట్ వడ్డీ 1,45,000, రెండో దానిలో 92,000, మూడో దానిలో 80,000 వస్తాయి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేసిన 30 లక్షల మీద 8.2 శాతం చొప్పున 2,46,000, పొదుపు ఖాతా వడ్డీ మరో 12,000 వస్తాయి. కొత్త పన్ను విధానంలో పింఛను నుంచి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే మొత్తం ఆదాయం 8,60,000 అవుతుంది. అది 12 లక్షల లోపే కాబట్టి 87ఎ సెక్షను ఇచ్చే రిబేటుతో, అంటే పన్ను మాఫీతో, పన్ను సున్నా. పన్ను సున్నా అయితేనే 15హెచ్ ఇచ్చే అర్హత ఉంటుంది, ఆయనకు ఉంది. పాత విధానం ఎంచుకునేవారు ఈ లెక్క వేరుగా వేసుకోవాలి, ఎందుకంటే అక్కడ రిబేటు 5 లక్షల దగ్గరే ఆగిపోతుంది.

అర్హత తేలాక లక్ష గీత చూడాలి. మొదటి బ్యాంకు, పోస్టాఫీసు గీత దాటాయి. అక్కడ ఫారం ఇవ్వకపోతే 14,500, 24,600 కలిపి 39,100 రూపాయలు కోత పడి, రిటర్ను వేసి రిఫండు వచ్చేదాకా చిక్కుకుపోతాయి. రెండో బ్యాంకులో 92,000 కదా, దాటలేదని ఊరుకుంటే, అక్టోబరులో ఆయన మూడు లక్షలు 7 శాతానికి కొత్త డిపాజిట్ వేశారనుకోండి, ఆరు నెలలకు 10,500 వచ్చి వడ్డీ 1,02,500 అవుతుంది. దాటిన 2,500 మీద కాదు, మొత్తం వడ్డీ మీద కోస్తారు! కనుక గీతకు దగ్గరలో ఉన్న బ్యాంకుకూ ఏప్రిల్‌లోనే ఫారం ఇవ్వడం మేలు. ఒక చోట ఇచ్చిన ఫారం మరో చోట చెల్లదు.

ఇక నాకు కోపం తెప్పించే విషయం. కౌంటరు దగ్గర "ఇక్కడ సంతకం పెట్టండి మాస్టారూ" అని ఖాళీ ఫారం జరిపే అలవాటే ఈ గందరగోళానికంతటికీ మూలమని నా గట్టి నమ్మకం. ఆ ఫారంలో మీ అంచనా మొత్తం ఆదాయం రాయాల్సిన గడి ఒకటి ఉంది. ఇతర చోట్ల ఇచ్చిన 15హెచ్‌లు ఎన్ని, వాటిలో చూపిన మొత్తం ఎంత అని అడిగే గడులూ ఉన్నాయి. మన మాస్టారు మొదట బ్యాంకులో ఇచ్చి, తరువాత పోస్టాఫీసులో ఇస్తే అక్కడ "1", "1,45,000" అని రాయాలి. ఆ గడులు నింపితే మొత్తం లెక్క వేయక తప్పదు. ఖాళీగా వదిలిన ఫారం కింద అబద్ధపు ప్రకటన పడితే, ఆ సంతకానికి జవాబుదారీ మీరు, కౌంటరు వెనక కూర్చున్నవారు కాదు. డిపాజిట్లను ఆరు బ్యాంకుల్లోకి ముక్కలు చేసి ఒక్కో దాన్నీ లక్ష లోపే ఉంచామని మురిసిపోయేవారూ వినండి: టీడీఎస్ కోయకపోయినా వడ్డీ వివరాలు మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ ఉంచే వార్షిక సమాచార పట్టిక ఏఐఎస్‌లోకి చేరుతూనే ఉంటాయి.

అసలు ఉచ్చు వేరే ఉంది. అదే మాస్టారు ఆ ఏడాదే ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ అమ్మి రెండు లక్షల దీర్ఘకాలిక లాభం పొందితే ఆదాయం 10,60,000 అవుతుంది. 12 లక్షల లోపే కదా అంటారా? ఆ లాభంలో 1,25,000 దాటిన 75,000 మీద 12.5 శాతం పన్ను, సెస్సుతో కలిపి 9,750 రూపాయలు పడుతుంది. దానికి రిబేటు వర్తించదు. పన్ను సున్నా కాదు కాబట్టి అమ్మకం ఖాయమని ఏప్రిల్‌లోనే తెలిసినవారు 15హెచ్ ఇవ్వకూడదు. కోత పడనిచ్చి, రిటర్నులో 39,100 నుంచి 9,750 పోను 29,350 వెనక్కి తెచ్చుకోవాలి. ఫారాలు ఇచ్చేశాక జనవరిలో అనుకోకుండా అమ్మవలసి వస్తే, మిగిలిన త్రైమాసికానికి ఆ ఫారం పరిగణించవద్దని బ్యాంకుకూ పోస్టాఫీసుకూ లిఖితపూర్వకంగా చెప్పి, ఆ 9,750లో కోతకు అందని మొత్తాన్ని రిటర్ను వేసేటప్పుడు కట్టాలి.