పదోన్నతి సిఫారసు: పొగడ్త తీసేసి తిరగరాయడం

[తెర మీద: పాత పేరా]
“వీరు అత్యంత అంకితభావం గల అధ్యాపకులు. రొయ్యల రైతులకు విశేష సేవలందించారు. విద్యార్థులకు వీరంటే ఎనలేని అభిమానం. పాఠాలు క్రమం తప్పకుండా చెబుతారు.”

[వ్యాఖ్యానం]
నెల్లూరులోని ఒక డిగ్రీ కళాశాలలో జువాలజీ చెప్పే అధ్యాపకుడి కోసం విభాగాధిపతి రాసినట్టు మనం ఊహించుకున్న సిఫారసు ఇది. ఇందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. అయినా పేరు మార్చి మరొకరి ఫైల్లో పెట్టినా ఇదే పేరా సరిపోతుంది కాబట్టి, కమిటీ దీన్ని పట్టుకుని ఏదీ తేల్చలేదు.

తిరగరాయడానికి ముందు నిబంధన చూడాలి. యూజీసీ 2018 నిబంధనల మదింపు పట్టికలో మొదటి అంశం బోధన: కేటాయించిన తరగతుల్లో 80 శాతం లేదా అంతకు మించి తీసుకుంటే ‘గుడ్’, 70కి తగ్గకుండా 80 లోపు ఉంటే ‘సంతృప్తికరం’, 70కి తగ్గితే అసంతృప్తికరం. అంటే పాత పేరాలో అందరికన్నా వెనక కూర్చున్న వాక్యమే ముందుకు రావాలి.

[తెర మీద: కొత్త మొదటి వాక్యం]
“మదింపు కాలంలోని ఈ సంవత్సరంలో కేటాయించిన 252 తరగతుల్లో 216 తీసుకున్నారు (85.7 శాతం), ఆధారం: ప్రిన్సిపాల్ ధ్రువీకరించిన టైమ్‌టేబుల్, హాజరు రిజిస్టరు, అనుబంధం 1.”

[వ్యాఖ్యానం]
రెండో అంశంలో పాలనాపరమైన బాధ్యతలు, పరీక్షల విధులు, ఎన్ఎస్ఎస్ వంటి విస్తరణ కార్యక్రమాలు, సదస్సుల నిర్వహణ, పరిశోధన వంటివి ఉంటాయి. కనీసం మూడింటిలో పాల్గొంటేనే ‘గుడ్’, ఒకటి రెండైతే ‘సంతృప్తికరం’. మన అధ్యాపకుడికి హాస్టల్ వార్డెన్‌గా నియామక ఉత్తర్వు, పరీక్షల విధుల ఉత్తర్వు, ఎన్ఎస్ఎస్ అధికారిగా నియామక పత్రం ఉన్నాయి కాబట్టి ఈ మూడూ తేదీలతో వరుసగా వస్తాయి.

మరి రొయ్యల రైతుల శిక్షణ? విభాగాధిపతికి ఇదే గర్వకారణం, అందుకే పైన పెట్టారు. మన ప్రాంతంలో ఆ మోజు సహజం. కానీ ఫైల్లో ఉన్నవి ఒక పత్రికా కత్తిరింపు, ఒక ఫోటో మాత్రమే. కార్యక్రమం జరిగిందని ఫోటో చెబుతుంది గానీ, అందులో ఈయన పాత్ర ఏమిటో చెప్పదు. పైగా ఇది కూడా సమాజ సేవే కనుక ఎన్ఎస్ఎస్‌తో కలిపి ఒకే అంశంగా లెక్కించే అవకాశం ఉంది. ఆ మూడింటిలో దీన్ని ఒకటిగా చూపితే, కమిటీ అక్కడే ఆగుతుంది. నిర్వహణ బాధ్యత అప్పగించిన ఉత్తర్వు దొరికితే నాలుగోదిగా చేర్చవచ్చు. దొరకకపోతే “పాల్గొన్నారు” అన్న ఒక్క మాటతో చివరన ఉంచాలి. తేదీ మదింపు కాలానికి ముందుదైతే అదీ వద్దు.

విద్యార్థుల అభిమానం విషయంలో, విద్యార్థుల అభిప్రాయ సేకరణ ఫలితాన్ని కళాశాల సంతకంతో ఇచ్చి ఉంటే ఎంతమంది జవాబిచ్చారో, ఏ స్థాయి ఇచ్చారో రాయాలి. లేకపోతే ఆ వాక్యాన్ని కొట్టేయాలి. “అంకితభావం” కూడా దానితోపాటే పోతుంది, ఎందుకంటే దానికి ఏ అనుబంధమూ జత చేయలేము.