పన్నా లెక్క తెలిస్తే గుడ్డ తగ్గదు

అందరికీ నమస్కారం. కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టిన కొత్తలో నేను పొడవు, వెడల్పు గుణించి గుడ్డ తెప్పించేదాన్ని. పన్నా అంటే గుడ్డ అడ్డం వెడల్పు. ఒకసారి మూడుంపావు పన్నాలు కావాలని లెక్క తేలింది. ఆ పావు పన్నా కొట్లో ఎవరు కోసిస్తారు? ఆ కర్టెన్లు బక్కగా వచ్చాయి, వాటిని కుట్టించుకున్నావిడ ముఖం ఇంకా గుర్తుంది. కర్టెన్ గుడ్డను పన్నా ముక్కల్లో లెక్కపెట్టాలని అప్పుడే అర్థమైంది.

ఒక కిటికీ తీసుకుందాం. వెడల్పు 60 అంగుళాలు. టేపు కిటికీకి పెట్టకండి, రాడ్డుకి పెట్టండి. రెండు పక్కలా ఆరేసి అంగుళాలు బయటికి వస్తే రాడ్డు 72. కుచ్చులకు రెండింతలు అనుకుంటే 144. రెండు కర్టెన్లకు కలిపి నాలుగు పక్క అంచులు, ఒక్కోదానికి మడతకు 3 అంగుళాల చొప్పున 12. అతుకులకు ఇంకో 2. మొత్తం 158. గుడ్డ పన్నా 48 అయితే మూడు ముక్కలు చాలవు, నాలుగు కావాలి.

మూడింటితో సరిపెట్టమని అడిగేవాళ్లుంటారు. అప్పుడు మడతలు, అతుకులు పోగా మిగిలేది 130, అంటే 1.8 రెట్లు. రింగుల కర్టెన్‌కి పర్వాలేదు. పై అంచు బిరుసుగా నిలబడే బక్రమ్ పట్టీ పెట్టి చేతి కుచ్చులు పట్టేవాటికి మాత్రం నేను ఒప్పుకోను. కుచ్చుకీ కుచ్చుకీ మధ్య గుడ్డ బల్లలా చదునుగా ఉండిపోతుంది. నాలుగు ముక్కలైతే 178 మిగులుతుంది, దాదాపు రెండున్నర రెట్లు.

ఇక పొడవు. కుట్టాక 84 రావాలి. కింద మూడంగుళాల మడత రెండుసార్లు, అంటే 6. పైన బక్రమ్‌కి, మడతకి 6. ఒక్కో ముక్క 96 అంగుళాలు. సాదా గుడ్డ అయితే నాలుగు ముక్కలకు 384, పదింపావు మీటర్లు తీసుకుంటే తీరికగా సరిపోతుంది.

పూల డిజైన్ అయితే అతుకు దగ్గర పువ్వు పువ్వుతో కలవాలి. డిజైన్ 27 అంగుళాలకోసారి తిరిగి వస్తోందనుకోండి. 96లో అది మూడున్నర సార్లు పైగా పడుతుంది, కాబట్టి నాలుగు సార్లకు కోయాలి. ముక్క 108 అయింది. నాలుగింటికి 432, అంటే దాదాపు 11 మీటర్లు. మొదటి అంచు తిన్నగా కోసుకోవడానికి పావు మీటరు కలపండి. ఈ తేడా ముందే చెప్పకపోతే గుడ్డ మిగుల్చుకున్నామని మనల్నే అనుమానిస్తారు.

కాటన్‌తో ఇంకో టెన్షన్ ఉంది. ఉతికితే నూటికి నాలుగు అంగుళాలు కుంచించుకుపోయినా 84 పొడవులో మూడు అంగుళాలకు పైగా పైకెక్కుతుంది. అందుకే కోయడానికి ముందే తడిపి ఆరబెట్టుకోండి. ఆ తగ్గేదానికి తగ్గట్టు కొనేటప్పుడే అర మీటరు ఎక్కువ తీసుకోవాలి.

కింది అంచు మాత్రం వెంటనే మిషన్ మీద వేయకండి. గుండుసూదులు గుచ్చి రాడ్డుకి వేలాడదీసి, రాత్రంతా వదిలేయండి. బరువైన గుడ్డ సాగుతుంది. పొద్దున నేలకు అరంగుళం పైన గీత పెట్టుకుని, అప్పుడు కుట్టండి.