సీఎఫ్‌ఓ పదవి ఖాళీ అయితే: సక్సెషన్ ప్లాన్ పత్రంలో ఏం రాయాలి, ఎవరికి చూపాలి

సభకు నమస్కారం. మీలో ఎక్కువమంది మధ్యస్థాయి తయారీ కంపెనీల్లో హెచ్‌ఆర్ బాధ్యతలు చూస్తున్నవారు, కొందరు కంపెనీ సెక్రటరీలు. కీలక పదవుల సక్సెషన్ ప్లాన్ గురించి సాధారణంగా మాట్లాడుకుంటే కాలం గడుస్తుంది తప్ప, రేపు ఆఫీసుకు వెళ్లి పత్రం తెరిచినప్పుడు ఏ గడిలో ఏం రాయాలో తేలదు. అందుకే ఒక్క ఉదాహరణ తీసుకుంటాను. సున్నపురాయి నిక్షేపాలున్న నంద్యాల, పల్నాడు, సూర్యాపేట జిల్లాల్లో ఏదో ఒకచోట ఫ్యాక్టరీ, హైదరాబాదులో ప్రధాన కార్యాలయం, స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన షేర్లు ఉన్న ఒక సిమెంటు కంపెనీని ఊహించుకుందాం. అందులో ముఖ్య ఆర్థికాధికారి, అంటే సీఎఫ్‌ఓ, రాజీనామా చేశారనుకుందాం.

మొదట గడువు చూడాలి. 2013 కంపెనీల చట్టం 203వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కీలక నిర్వహణాధికారి పదవి ఖాళీ అయితే డైరెక్టర్ల బోర్డు 6 నెలల్లోపు భర్తీ చేయాలి. లిస్టయిన కంపెనీలకు మాత్రం సెబీ 2023లో లిస్టింగ్ నిబంధనల్లో 26ఏ నిబంధనను చేర్చి, సాధారణ పరిస్థితుల్లో ఆ గడువును 3 నెలలకు కుదించింది. పైగా తాత్కాలికంగా ఎవరినో కూర్చోబెడదామన్నా, పూర్తిస్థాయి నియామకానికి వర్తించే చట్ట నియమాలన్నీ ఆ వ్యక్తికీ వర్తించేలా నియమిస్తేనే అది చెల్లుతుంది. మన దేశంలో ఈ స్థాయి అధికారికి నోటీసు పీరియడ్ చాలాచోట్ల 3 నెలలే ఉంటుంది. అంటే పదవి ఖాళీ అయ్యాక బయటి వ్యక్తి కోసం వెతకడం మొదలుపెడితే, అతను దొరికి, ఒప్పుకుని, తన పాత కంపెనీ నుంచి బయటపడేసరికే గడువు దాటిపోతుంది. బయటి నుంచి తెచ్చుకోవచ్చులే అన్న భరోసాతో సీఎఫ్‌ఓ గడిని ఖాళీగా వదిలేసిన ప్లాన్‌లు ఇక్కడే విఫలమవుతాయి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఆర్థిక సంవత్సరపు చివరిది తప్ప ప్రతి త్రైమాసికం ముగిశాక 45 రోజుల్లో ఫలితాలు ప్రకటించాలి. ఆ ఫలితాల్లో తప్పుడు ప్రకటన గాని, తప్పుదోవ పట్టించే అంకె గాని లేదని బోర్డుకు ధ్రువీకరించవలసిన ఇద్దరిలో సీఎఫ్‌ఓ ఒకరు. సెప్టెంబరు చివర పదవి ఖాళీ అయితే నవంబరు 14 నాటికి ఆ సంతకం ఎవరు చేస్తారన్నది ప్లాన్‌లో రాసి ఉండాలి. ఇది వారసుడెవరు అన్న ప్రశ్న కాదు, అత్యవసరంగా ఎవరు నిలబడతారన్న ప్రశ్న. పత్రంలో ఈ రెండింటికీ వేర్వేరు గడులు ఉండాలని నేను గట్టిగా కోరతాను. మూడు నెలలు పదవిని కాపాడగలిగే వ్యక్తి, అయిదేళ్లు దాన్ని నడపగలిగే వ్యక్తి ఒకరే కానక్కర్లేదు. రెండూ ఒకే గడిలో పెట్టిన కంపెనీలో అత్యవసరంగా నిలబడిన వ్యక్తి తనకే పదవి ఖాయమనుకుంటారు, ఆ తర్వాత వేరొకరిని నియమిస్తే వెళ్లిపోతారు. ఒక పదవి కోసం రాసిన ప్లాన్ చివరికి రెండు ఖాళీలు తెస్తుంది.

ఇక సంసిద్ధత స్థాయిలకు వద్దాం. ఎక్కువ కంపెనీలు మూడు స్థాయిలు వాడతాయి: ఇప్పుడే సిద్ధం, ఒకటి రెండేళ్లలో సిద్ధం, మూడు నుంచి అయిదేళ్లలో సిద్ధం. స్థాయిల పేర్లు ఏవైనా ఫరవాలేదు. ఆ స్థాయి దేని ఆధారంగా ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో పక్కనే లేకపోతే మాత్రం అది పై అధికారి ఇష్టాయిష్టాల కొలతగా మిగిలిపోతుంది. మన సిమెంటు కంపెనీలో ఫైనాన్స్ జనరల్ మేనేజర్‌ను తీసుకోండి. చార్టర్డ్ అకౌంటెంట్, పదేళ్లకు పైగా అక్కడే పనిచేస్తున్నారు, పుస్తకాలు సకాలంలో మూస్తారు, ఏటా మంచి రేటింగు వస్తుంది. ఆయన పై అధికారి 'ఇప్పుడే సిద్ధం' అని రాసేశారు. మంచి రేటింగు ఆయన తన ప్రస్తుత పనిని బాగా చేస్తున్నారని చెబుతుంది, పై పదవి పనిని చేయగలరని చెప్పదు. కాబట్టి సీఎఫ్‌ఓ పనిని విడదీసి అడగాలి. ఆడిట్ కమిటీ ముందు కూర్చుని, ఆడిటర్‌తో అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఒక లెక్క విధానాన్ని సమర్థించారా? వర్కింగ్ క్యాపిటల్ పరిమితులను పునరుద్ధరించే వేళ బ్యాంకుల కన్సార్షియంతో స్వయంగా మాట్లాడారా? పెట్ కోక్, బొగ్గు ధరలు పెరిగినప్పుడు నగదు ప్రవాహాన్ని తిరిగి అంచనా వేసి, విస్తరణ పనిని వాయిదా వేయమని ఎండీకి చెప్పగలిగారా? మూడింటికీ జవాబు 'లేదు' అయితే ఆయన ఎంత సమర్థుడైనా ఆ గడిలో 'ఒకటి రెండేళ్లలో' అనే రాయాలి. ఆ పక్కనే ఆ మూడు లోపాలనూ రాయాలి.

కొన్ని పదవుల్లో ఈ చర్చకే తావుండదు. అదే కంపెనీలో సున్నపురాయి గని మేనేజర్ ఉంటారు. జీతం వరుసలో ఆయన పైవారెందరో ఉన్నా, ఆ పదవి కీలకమే. ఎందుకంటే తగిన అర్హతాపత్రం ఉన్న మేనేజర్ లేకుండా గనిని నడపడానికి చట్టం ఒప్పుకోదు. గనిలో పని ఆగితే ఫ్యాక్టరీ దగ్గర పేర్చిన రాయి కొద్దిరోజులకే సరిపోతుంది, ఆ తర్వాత కిల్న్ ఆపాలి. గని తీరును, అందులో పనిచేసేవారి సంఖ్యను బట్టి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే మొదటి తరగతి లేదా రెండో తరగతి మేనేజర్ సర్టిఫికెట్ కావాలి. దానికి నిర్ణీత అనుభవం, పరీక్ష రెండూ ఉంటాయి. మొదటి తరగతి అవసరమైన చోట రెండో తరగతి సర్టిఫికెట్ మాత్రమే ఉన్న అసిస్టెంట్ మేనేజర్‌ను 'ఇప్పుడే సిద్ధం' అని రాయడం అభిప్రాయం కాదు, తప్పు. కీలక పదవుల జాబితా తయారుచేసేటప్పుడు జీతాల వరుస చూడకుండా, ఈ పదవి మూడు నెలలు ఖాళీగా ఉంటే ఏ పని ఆగుతుందని ప్రతి విభాగాన్నీ అడగమని నేను చెప్పేది ఇందుకే.

అభివృద్ధి చర్యల గడిలో నాకు తరచూ కనిపించే మాటలు 'నాయకత్వ శిక్షణ', 'మెంటరింగ్'. వీటిని ఏ పేరు పక్కనైనా అతికించవచ్చు, కాబట్టి ఏ లోపాన్నీ అవి పూడ్చవు. ప్రతి చర్యా పైన రాసిన ఒక లోపం నుంచే పుట్టాలి. దానికి తేదీ, గమనించే వ్యక్తి, పూర్తయిందని చూపే ఆధారం ఉండాలి. మన జనరల్ మేనేజర్ విషయంలో అది ఇలా ఉంటుంది. వచ్చే రెండు త్రైమాసికాల్లో ఇంధన వ్యయం, నిల్వల విలువ కట్టే భాగాన్ని ఆడిట్ కమిటీకి ఆయనే సమర్పించాలి. సీఎఫ్‌ఓ పక్కన కూర్చోవచ్చు గాని, ఆయన బదులు జవాబు చెప్పకూడదు. ఆ తర్వాత కమిటీ ఛైర్మన్ తన అభిప్రాయాన్ని హెచ్‌ఆర్‌కు చెప్పాలి. ఈ ఏడాది బ్యాంకు పరిమితుల పునరుద్ధరణకు ముందు వరుసలో ఆయనే ఉండాలి, అందుకోసం నెలవారీ అకౌంట్ల ముగింపు పనిని తన కింది అధికారికి అప్పగించాలి. ఈ చివరి వాక్యం చాలా ప్లాన్‌లలో ఉండదు. కొత్త పని ఇచ్చి పాతది తగ్గించకపోతే ఆరు నెలలకు రెండూ కుంటుపడతాయి. అప్పుడు లోపం ప్లాన్‌ది అయినా మచ్చ మనిషికి పడుతుంది. పైగా అకౌంట్ల ముగింపు అందుకున్న ఆ కింది అధికారి ఎలా చేస్తున్నారో చూస్తే, జనరల్ మేనేజర్ పదవికి వారసులున్నారో లేదో కూడా తెలుస్తుంది. ఏడాది తర్వాత కూడా ఈ చర్యల్లో ఒక్కటీ జరగకుండా స్థాయి మాత్రం 'ఒకటి రెండేళ్లలో' నుంచి 'ఇప్పుడే సిద్ధం'కు మారితే, ఆ ప్లాన్‌ను కాగితం కోసమే రాశారని బోర్డు గ్రహించాలి.

గోప్యత గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతుంటాయి. మొదటిది మనుషులకు సంబంధించింది. పూర్తి పత్రాన్ని నామినేషన్, రెమ్యూనరేషన్ కమిటీ, ఎండీ, హెచ్‌ఆర్ అధిపతి చూస్తే చాలు. విభాగాధిపతి తన విభాగం వరుసలు మాత్రమే చూడాలి, తన పదవికి ఎవరి పేరుందో చూడనక్కర్లేదు. అభ్యర్థికి తన లోపాలు, తన అభివృద్ధి చర్యలు పూర్తిగా తెలియాలి. ఏ పదవికి ఎన్నో వరుసలో ఉన్నారన్నది మాత్రం చెప్పకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ వరుస ఏటా మారుతుంది గాని, విన్నవారు దాన్ని వాగ్దానంగా గుర్తుంచుకుంటారు. పత్రాన్ని ఈమెయిల్‌కు జతచేసి పంపకుండా, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫోల్డర్‌లో, ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదయ్యేలా ఉంచండి. సమావేశానికి కాగితం ప్రతులే కావాలంటే వాటికి నంబర్లు వేసి, అయిపోగానే వెనక్కి తీసుకోండి.

ఏం రాయకూడదన్నది కూడా గోప్యతలో భాగమే. ఆరోగ్యం గురించి విన్న మాటలు, 'పిల్లల చదువు వల్ల ఊరు మారకపోవచ్చు', 'త్వరలో పెళ్లి' వంటి ఊహలు ఈ పత్రంలో ఉండకూడదు. ఇలాంటి వాక్యాలు ఎక్కువగా మహిళల పేర్ల పక్కనే కనిపిస్తాయి, వారిని అడిగిన దాఖలా మాత్రం కనిపించదు. ఫ్యాక్టరీకి బదిలీ అయి వెళ్లగలరా అన్నది తెలియాలంటే ఆ వ్యక్తినే అడిగి, చెప్పిన జవాబును, అడిగిన తేదీని రాయాలి.

రెండో విషయం చట్టానికి సంబంధించింది. ఏదో ఒకనాడు ఎవరు వారసులు కాగలరన్న సాధారణ ప్లాన్, నా దృష్టిలో, షేరు ధరను కదిలించే సమాచారం కాదు. కాని సీఎఫ్‌ఓ వెళ్లిపోతున్నారన్నది ఖాయమైన క్షణం నుంచి పరిస్థితి మారుతుంది. సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు కీలక నిర్వహణాధికారుల మార్పును ఇంకా వెల్లడికాని, ధరను ప్రభావితం చేయగల సమాచారంగా లెక్కిస్తాయి. 2025 సవరణ పదవీ విరమణ వల్ల, పదవీకాలం ముగియడం వల్ల వచ్చే మార్పులను అందులోంచి మినహాయించింది గాని, రాజీనామాను మినహాయించలేదు. అలాంటి సమాచారాన్ని ఎవరితో పంచుకున్నారో వారి పేరు, పాన్ నంబరు, పంచుకున్న సమయం కంపెనీ స్ట్రక్చర్డ్ డిజిటల్ డేటాబేస్‌లో ఎక్కాలి. కంపెనీలోపలి వారికి చెప్పినా, బయటి నియామక సంస్థకు చెప్పినా ఇది వర్తిస్తుంది. ఆ నమోదును కనీసం 8 ఏళ్లు భద్రపరచాలి.

కాబట్టి రాజీనామా మాట హెచ్‌ఆర్ చెవిన పడిన రోజు జరగవలసిన పనుల క్రమాన్ని పత్రం చివరి పేజీలో ముందే రాసి పెట్టండి. మొదట కంపెనీ సెక్రటరీకి చెప్పాలి. ఆయన డేటాబేస్‌లో నమోదు చేసి, విషయం తెలిసినవారు షేర్లలో లావాదేవీలు జరపకుండా చూసి, స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎప్పుడు తెలపాలో నిర్ణయిస్తారు. అత్యవసర గడిలో ఉన్న వ్యక్తికి ఆ తర్వాతే చెప్పాలి, చెప్పినట్టు అదే డేటాబేస్‌లో నమోదు చేయాలి. అలా చెప్పేటప్పుడు, ఈ బాధ్యత ఎప్పటి వరకో, పూర్తిస్థాయి నియామకంలో ఆయన పేరును పరిశీలిస్తారో లేదో కూడా అదే సంభాషణలో స్పష్టంగా చెప్పాలి. జనరల్ మేనేజర్ అభివృద్ధి చర్యల్లో ఏవి పూర్తయ్యాయో చూపే ఆధారాలతో నామినేషన్ కమిటీ ఆ వారంలోనే సమావేశం కావాలి, బయటి అన్వేషణ కూడా అవసరమా అన్నది ఆ ఆధారాలను బట్టి అక్కడే తేల్చాలి.