నెట్ స్లోనా, సైట్ స్లోనా, లాప్‌టాప్ స్లోనా? fast.com, ping రివ్యూ

నమస్తే, హన్మకొండ నుంచి మాట్లాడుతున్నా. ఈసారి టేబుల్ మీద కొత్త ఫోన్ లేదు, రౌటర్ కూడా లేదు. నెట్ స్లో అయితే తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఉచితంగా దొరికే రెండింటిని రివ్యూ చేద్దాం. ఒకటి బ్రౌజర్‌లో నెట్ వేగం కొలిచే fast.com, రెండోది అవతలి పరికరానికి కబురు వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ping కమాండ్. కానీ వాటికి ముందు ఏ యాప్ అక్కర్లేని రెండు ప్రశ్నలున్నాయి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

మొదటి ప్రశ్న: ఒక్క సైటే స్లోనా? పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు రిజల్ట్స్ పేజీ తిరుగుతూనే ఉంటే, అదే ఫోన్‌లో సంబంధం లేని ఇంకో రెండు సైట్లు తెరవండి. అవి టక్కున వస్తే మీ నెట్ బాగానే ఉంది. ఇప్పుడు వైఫై ఆపి, మొబైల్ డేటా మీద అదే రిజల్ట్స్ పేజీ చూడండి. అక్కడా రాకపోతే భారం వాళ్ల సర్వర్ మీద పడింది. రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, కాసేపు ఆగడమే. డేటా మీద వచ్చి వైఫై మీద రాకపోతే మాత్రం మీ లైన్ నుంచి ఆ సైట్‌కు వెళ్లే దారిలోనో, సైట్ పేరుకు చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్‌లోనో తేడా ఉంది.

రెండో ప్రశ్న: అన్ని సైట్లూ స్లో అయితే, ఒక్క పరికరంలోనేనా? లాప్‌టాప్ పక్కనే ఫోన్ పెట్టి, అదే వైఫై మీద అదే పేజీ తెరవండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపడం మర్చిపోవద్దు. వైఫై బలహీనంగా ఉంటే కొన్ని ఫోన్లు చెప్పకుండానే డేటాకు మారిపోతాయి, మీకేమో ఫోన్‌లో బాగుందనిపిస్తుంది. ఫోన్ నిజంగానే బాగుంటే మొబైల్ డేటా మళ్లీ వేసి, దాని మీద కూడా పేజీ బాగా వస్తోందని చూసుకుని, లాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. అక్కడా నత్తనడకే అయితే జబ్బు లాప్‌టాప్‌లోనే ఉంది. హాట్‌స్పాట్ మీద బాగుంటే లాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య వైఫై చూడండి. చాలాసార్లు అది నెమ్మదైన 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉండిపోయి ఉంటుంది.

ఇక అసలు చిక్కు మూడోది. ఇంట్లో అన్నీ స్లో. అందరూ వెంటనే నెట్ కంపెనీని తిడతారు. మా చిన్నమ్మ వాళ్లింట్లో మేడారం జాతర నుంచి వచ్చిన మర్నాడు ఇదే జరిగింది. టీవీ ఆగుతోంది, తమ్ముడి ఆన్‌లైన్ క్లాసులో గొంతు తెగిపోతోంది. "నెట్ వాళ్లకు ఫోన్ చెయ్యి బిడ్డా" అంది చిన్నమ్మ. ముందు లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండు లైన్లు కొట్టి చూశా:

```
ping 192.168.1.1
ping 8.8.8.8
```

మొదటిది వాళ్ల రౌటర్ చిరునామా, రెండోది బయట ఉన్న గూగుల్ సర్వర్‌ది. మీ రౌటర్‌ది వేరే ఉండొచ్చు. విండోస్‌లో ipconfig కొడితే Default Gateway దగ్గర కనిపిస్తుంది. రౌటర్ దాకా 4 మిల్లీసెకన్లే, అంటే వైఫై బాగుంది. బయటికి మాత్రం 600 దాటుతోంది. బాగున్న రోజు అది 30 లోపే.

లైనే పాడైందనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఇంకో మెట్టుంది. ఒక్కొక్క పరికరం వైఫై ఆపుతూ, ఆపిన ప్రతిసారీ రెండో ping మళ్లీ కొట్టి చూడాలి. బాబాయి ఫోన్ ఆపగానే 600 కాస్తా 28కి పడింది. జాతర జనంలో సిగ్నల్ అందక ఆగిపోయిన వీడియోలన్నీ ఇంటి వైఫై దొరకగానే బ్యాకప్ మొదలుపెట్టాయి. ఫోన్‌లో ఒక్క నిమిషం 4కె వీడియో సుమారు 350 ఎంబీ. వాళ్ల ప్లాన్‌లో అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. ఒక్క నిమిషం వీడియో పైకి పోవడానికే దాదాపు 5 నిమిషాలు.

అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ ఎందుకు ఆగాలి? ఏ పేజీ తెరిచినా మన వైపు నుంచి చిన్న చిన్న అభ్యర్థనలు, అందిందన్న కబుర్లు పైకి వెళ్తూనే ఉండాలి. రైల్వే గేటు దగ్గర లారీల వెనక సైకిల్ ఇరుక్కున్నట్టు, అవి ఆ వీడియోల వెనక వరుసలో ఆగిపోతాయి.

fast.com దీన్ని పట్టుకుంటుందా? పట్టుకుంటుంది, కానీ పెద్ద అంకె చూసి మూసేస్తే కాదు. Show more info నొక్కి, Settings లో Measure loaded latency during upload ఆన్‌లో ఉందని చూసుకుని టెస్టు చేస్తే, Latency, అంటే కబురు వెళ్లి వచ్చే సమయం కింద, లైన్ ఖాళీగా ఉన్నప్పటిది Unloaded, నిండినప్పటిది Loaded అని రెండు వస్తాయి. ఇంట్లో అన్నీ ఆపి ఈ టెస్టు చేయాలి. మొదటిది 25, రెండోది 500 అయితే లైన్ నిండగానే మీ ఇంట్లో అన్నీ ఆగిపోతాయన్నమాట. ఆ వివరం ఇస్తుంది కాబట్టి దానికి మంచి మార్కులే. కాకపోతే తప్పు వైఫైదా, బయటి లైన్‌దా అని అది విడదీసి చెప్పదు. అందుకే నా ఓటు ping కే.

బాబాయి బ్యాకప్‌ను రాత్రి పడుకునేటప్పుడు ఆన్ చేసుకుంటున్నాడు. మీ రౌటర్ సెట్టింగుల్లో ఎవరికెంత వేగమో పంచే QoS ఉంటే, అప్‌లోడ్ పరిమితిని మీకు వచ్చే వేగం కంటే కొంచెం తక్కువకు పెట్టండి. అన్ని పరికరాలూ ఆపి, లాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపినా 8.8.8.8 కు వందల్లోనే వస్తుంటే, అప్పుడు కంపెనీకి ఫోన్ చేయండి. ఆ రెండు ping ఫలితాల స్క్రీన్‌షాట్లూ దగ్గర పెట్టుకోండి, రౌటర్ ఆపి వేయమని మళ్లీ మొదటికి తీసుకెళ్లకుండా పనికొస్తాయి.