మర్నాడే నిలబెట్టండి

(అక్టోబర్ 1, అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం సందర్భంగా తెనాలిలో జరిగిన పెన్షనర్ల సభలో ఒక ఫిజియోథెరపిస్టు ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ అధ్యక్షులవారు పేరుపేరునా పలకరించారు కాబట్టి నేను మళ్లీ ఆ పని చేయను. నాకిచ్చిన అంశం ‘వృద్ధాప్యంలో ఎముకల ఆరోగ్యం’. అంత పెద్ద విషయం జోలికి పోకుండా, తుంటి విరిగి ఆపరేషన్ అయిన మనిషి ఇంటికొచ్చాక మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య ఏం జరుగుతుందో మాత్రమే చెబుతాను. నేను ఇళ్లకు వెళ్లి చూసే మనిషిని. ఆపరేషన్ బాగా జరిగిన కాళ్లు కూడా ఇంట్లోనే పాడవుతున్నాయి. నా బాధంతా అదే.

ఒక టీచరుగారి సంగతి చెబుతాను. డెబ్బై ఏళ్లు, రిటైరై చాలాకాలమైంది. రాత్రి బాత్రూమ్‌కు లేచి గడప దగ్గర పడ్డారు. తుంటి ఎముక మెడ దగ్గర విరిగి పక్కకు జరిగింది. ఆ వయసులో అక్కడ విరిగితే అతకడం కష్టం. ఎముక తలకాయకు వెళ్లే రక్తనాళాలు కూడా దెబ్బతింటాయి. అందుకని విరిగిన తలకాయ తీసేసి లోహపు బంతి పెట్టారు. బంతి మార్చారు అంటామే, అదే. మర్నాడు ఉదయం ఆసుపత్రిలో ఆమెను నిలబెట్టి నాలుగడుగులు వేయించారు. ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద ‘బరువు మోపి నడిపించవచ్చు’ అని స్పష్టంగా రాసిచ్చారు.

ఇంటికొచ్చాక ఏమైంది? చుట్టాలొచ్చారు. పక్కింటావిడ ‘వదినా, ఆరు వారాలు కదలకండి, మా తోడికోడలు కదిలి మళ్లీ ఆసుపత్రి పాలైంది’ అన్నారు. దూరపు బంధువు ఒకాయన ‘కుట్లు ఊడతాయి’ అన్నారు. కోడలికి భయమేసింది. మంచం మీదే భోజనం, మంచం మీదే డైపరు. నన్ను పిలిచేసరికి ఆమె వారం రోజులుగా పడుకునే ఉన్నారు. మడమల మీద ఎర్రగా కంది ఉంది. మంచం అంచున కూర్చోబెడితే తల తిరిగింది.

పడుకోబెట్టడంలో ప్రేమ ఉందని నాకు తెలుసు. కానీ ఆ మంచం ఏం చేస్తుందో వినండి. 2007లో అమెరికాలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను కొందరిని పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. వాళ్ల కాళ్ల కండ దాదాపు కిలో తగ్గింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సంగతే అది. ఆపరేషన్ అయిన మనిషికి దానితోపాటు ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది, పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది, నడుం కింద పుండ్లు పడతాయి. తుంటి విరిగినవాళ్ల ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఇలాంటి వాటివల్లే. డాక్టరు ప్రత్యేకంగా ‘ఈ కాలు మీద బరువు పెట్టొద్దు’ అని చెప్పిన కొద్దిమందిని వదిలేయండి. మిగతావాళ్లను మర్నాడే లేపాలి, ఇంటికొచ్చాక రోజుకు మూడు నాలుగుసార్లు లేపాలి.

‘నొప్పి ఉంటే ఎలా లేపుతామమ్మా?’ అని టీచరుగారి అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. డాక్టరు రాసిన నొప్పి మాత్ర ఉందిగా, దాన్ని నడకకు అరగంట ముందు ఇవ్వండి. చాలా ఇళ్లలో నొప్పి భరించలేక ఏడ్చాక ఇస్తారు, నడిచే సమయానికి దాని పని అయిపోతుంది. లేచే ముందు ఓ నిమిషం కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టండి, పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి. తల తిరగడం లేదంటే అప్పుడు లేపండి. లేచేటప్పుడు వాకర్ పట్టుకుని లాగకూడదు, అది మీద పడుతుంది. ఆపరేషన్ అయిన కాలు కొంచెం ముందుకు చాపి, రెండు చేతులతో మంచాన్నో కుర్చీ చేతులనో నొక్కి లేవాలి. నిలబడ్డాక వాకర్ పట్టుకోవాలి. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తర్వాత మంచి కాలు. తిరిగేటప్పుడు కాలి మీద గిర్రున తిరగకుండా చిన్న చిన్న అడుగులతో తిరగాలి. మొదటి రోజు టీచరుగారు కిటికీ దాకా వెళ్లి కూర్చున్నారు. అంతే. రెండో వారంలో వరండా దాకా వచ్చారు.

మధ్యలో ఇంకోమాట, మర్చిపోతానేమోనని ఇప్పుడే చెబుతున్నాను. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె రాత్రిళ్లు, చనిపోయిన భర్తను పిలిచేవారట. బడికి టైమైందని లేచేవారట. ఇంట్లోవాళ్లు మతి పోయిందని ఏడ్చారు. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లలో ఇలాంటి అయోమయం తరచుగా వస్తుంది, చాలామందికి తగ్గిపోతుంది కూడా. కళ్లజోడు పెట్టండి, వినికిడి యంత్రం ఉంటే పెట్టండి, పగలు వెలుతురులో కూర్చోబెట్టండి. డాక్టరుకు మాత్రం తప్పకుండా చెప్పండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఒంట్లో ఉప్పు తగ్గినా ఇలాగే ఉంటుంది. దయచేసి మంచానికి కట్టేయకండి. కట్టేసిన ఇళ్లు చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక జాగ్రత్తలు. ఇక్కడ ఒక తికమక ఉంది. బంతి మార్చినవాళ్లకు ఒకరకం జాగ్రత్తలు, రాడ్డో స్క్రూలో వేసినవాళ్లకు వేరు. రాడ్డు వేసినవాళ్లకు బంతి జారడమనే సమస్య లేదు, వాళ్లకు ఈ నిషేధాలన్నీ పెట్టి భయపెట్టనక్కర్లేదు. బంతి మార్చినవాళ్లకు, ముఖ్యంగా తుంటి వెనకవైపు కోసి చేసినవాళ్లకు, మొదటి కొన్ని వారాలు మూడు పనులు కూడదు. మోకాలు తుంటి కంటే పైకి రాకూడదు. కాలు మీద కాలు వేయకూడదు. ఆపరేషన్ కాలి పాదం లోపలికి తిప్పకూడదు. ఎన్ని వారాలన్నది మీ సర్జన్‌ను అడగండి, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు.

మన ఇళ్లలో మొదటిది ఎలా తప్పుతుందో చూడండి. సోఫాలో కూరుకుపోతే మోకాళ్లు పైకొస్తాయి. నవారు మంచం మధ్యలో కుంగితే వస్తాయి. పీట మీద కూర్చుంటే సరేసరి. కింద పడిన చెప్పు తీయడానికి వంగినా అంతే. టీచరుగారి ఇంట్లో ఆమె కూర్చునే కుర్చీ ప్లాస్టిక్‌ది, లోతుగా ఉంది, నున్నటి గచ్చు మీద జారుతోంది. ఆమె మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపుతో కొలిచాం, పదహారు అంగుళాలు వచ్చింది. దానికి రెండంగుళాలు కలిపి పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న, చేతులున్న చెక్క కుర్చీ వేయించాం. కమోడ్ కూడా అంతే ఎత్తుండాలి. తక్కువైతే దాని మీద బిగించే ఎత్తు సీటు దొరుకుతుంది. నేల మీద కూర్చునే పాత దొడ్డి అయితే దానిపైన అడుగు భాగం లేని కమోడ్ కుర్చీ వేయండి.

ఎప్పుడైనా గజ్జల్లో ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చి, కాలు పొట్టిగా కనిపించి, పాదం లోపలికి తిరిగిపోయిందంటే బంతి జారిందని అనుమానించాలి. నిలబెట్టొద్దు, నూనె రాసి లాగొద్దు, 108కు ఫోన్ చేయండి. ఒక పిక్క వాచి బిగుసుకుని నొప్పెడుతుంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి. దాంతోపాటు ఆయాసం వస్తే క్షణం ఆగొద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు సాధారణంగా నెల రోజుల పైచిలుకు రాస్తారు. ‘బాగానే ఉన్నారుగా’ అని మధ్యలో ఆపేయకండి.

ఇప్పుడు ఆ బాత్రూమ్ దారికి వద్దాం. టీచరుగారి మంచం నుంచి అక్కడికి పట్టుమని పన్నెండు అడుగులు లేదు. ఆ దారిలో ఒక డోర్‌మాట్, ఫోన్ ఛార్జర్ వైరు, ఎత్తు గడప, బాత్రూమ్‌లో ఎప్పుడూ ఆరని నున్నటి టైల్సు. డోర్‌మాట్ తీసేశాం. వైరు గోడకు కొట్టించాం. గడపకు పసుపు కుంకుమ పెట్టే ఇల్లు, తీసేయమని ఎవరన్నా ఊరుకోరు. అందుకని గడప అంచుకు మెరిసే పసుపు టేపు అంటించి, పక్క గోడకు చేత్తో పట్టుకోవడానికి స్టీలు పట్టీ వేయించాం. మంచం దగ్గరా గుమ్మం దగ్గరా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు పెట్టాం, కరెంటు పోయినా వెలిగేవి.

పట్టీ గురించి ఒక మాట. చాలామంది తువ్వాలు ఆరేసే రాడ్డే పట్టుకుంటారు. అది మనిషి బరువు మోయదు, ఊడి చేతిలోకొస్తుంది. కమోడ్ పక్కన నేల నుంచి 33, 36 అంగుళాల మధ్య ఎత్తులో, టైల్ వెనక ఉన్న గోడలోకి దిగే బోల్టులతో గరుకు పట్టీ వేయించండి. మేస్త్రీ వెళ్లిపోకముందే ఇంట్లో అందరికంటే లావైన మనిషి దాన్ని బరువంతా వేసి లాగి చూడాలి. స్నానానికి ఎత్తు కుర్చీ ఒకటి, బకెట్ పెట్టడానికి ఇంకో స్టూలు వేయండి. బకెట్ నేల మీద ఉంటే మగ్గు ముంచడానికి వంగాల్సిందే కదా.

ఇల్లు సరిచేస్తే సరిపోతుందా? ఆమె అసలు ఎందుకు పడ్డారో ఎవరూ అడగలేదు. గడప ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది. పడుకున్నప్పుడు బీపీ చూశాను, నిలబెట్టి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ చూశాను. పై అంకె ముప్పై దాకా పడిపోయింది. ఇరవై పడితేనే పట్టించుకోవాలి. రాత్రిపూట బీపీ మాత్ర, నిద్రమాత్ర కలిపి వేసుకుంటున్నారు. డాక్టరుకు ఆ అంకెలు రాసి పంపితే బీపీ మందు తగ్గించి, నిద్రమాత్రను మెల్లగా మాన్పించారు. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, అంకెలు తీసుకెళ్లి చూపించండి.

అయ్యా, అమ్మా, ఇక్కడ ఒక్కసారి నా మాట వినండి. నిలుచున్న చోట పడితేనే తుంటి విరిగిందంటే ఆ ఎముక గుల్లబారినట్టే. రెండో తుంటి కూడా అదే ఎముక. ఇంటికి పంపే కాగితంలో చాలాసార్లు కాల్షియం మాత్ర ఒక్కటే కనిపిస్తుంది. అది చాలదు. వారానికోసారి వేసుకునే మాత్రలున్నాయి, ఏడాదికోసారి రక్తనాళంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఉంది. దానికి ముందు కిడ్నీ పరీక్ష చేసి, విటమిన్ డి, కాల్షియం సరిచేస్తారు. కుట్లు తీయించుకునే రోజున ‘నా ఎముకల బలానికి ఏం మందు ఇస్తారు?’ అని మీరే అడగండి. ఎవరో చెబుతారని చూడకండి.

టీచరుగారు మూడో నెలలో చేతికర్రకు మారారు. కర్ర మంచి కాలివైపు చేతిలో ఉండాలి, నొప్పి ఉన్నవైపు కాదు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఇప్పుడు రోజూ మేడ మెట్లు ఎక్కి దిగుతున్నారు.

టైమైపోయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు. ఇందాక ఈ హాల్లోకి వస్తుంటే మీలో ముగ్గురు నలుగురి వాకర్లు చూశాను, భుజాలు పైకెత్తి నడుస్తున్నారు. చేయి వదులుగా వేలాడేస్తే మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉంటుందో పిడి అక్కడ ఉండాలి. కాఫీకి వెళ్లే ముందు వాకర్లున్నవాళ్లు ఇటు పక్కకు రండి, ఎత్తు సరిచేసి ఇస్తాను.