ఇచ్చే ముందు మీ వ్యాసానికి మీరే మార్కు వేసుకోండి

శ్రోతలకు నమస్కారం. విజయవాడలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతూ, ఏటా కట్టలకొద్దీ అసైన్‌మెంట్ వ్యాసాలు దిద్దుతుంటాను. మార్కులు ఇచ్చిన రోజున స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "మేడమ్, నాకు పదిహేడు వస్తాయనుకున్నాను, పన్నెండే వచ్చాయేంటి?" అని అడిగే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళేమీ గొడవకు రారు. పదిహేడు వస్తాయని నిజంగానే నమ్మి ఉంటారు. ఆ నమ్మకానికీ వచ్చిన మార్కుకీ మధ్య ఉన్న ఐదు మార్కుల తేడా ఎక్కడ పుట్టిందో, కాగితం మా చేతికి ఇవ్వకముందే దాన్ని ఎలా పట్టుకోవచ్చో ఈ రోజు చెబుతాను.

ఒక అమ్మాయి వ్యాసాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. సింగ్ నగర్ నుంచి వచ్చేది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్ళు వాళ్ళ ఇంట్లోకి వచ్చాయి. తర్వాత నేనిచ్చిన అసైన్‌మెంట్ ప్రశ్న ఇది: "2024లో విజయవాడను ముంచిన బుడమేరు వరదకు కారణాలను విశ్లేషించండి." మొత్తం 20 మార్కులు. మార్కులు ఎలా వేస్తానో ప్రశ్నతోపాటే రాసి ఇచ్చాను. ప్రశ్నకు సూటిగా జవాబు, అంటే వాదన, 6. ఆధారాలు 6. పేరాల అమరిక 4. భాష 2. సమాచారం ఎక్కడ దొరికిందో చెప్పినందుకు 2.

గడువుకు రెండు రోజుల ముందు వ్యాసం పట్టుకొచ్చి చూపించింది. "ఎన్ని వస్తాయనుకుంటున్నావమ్మా?" అని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి, "పదిహేడు మేడమ్" అంది. ఎలా వేసుకున్నావంటే లెక్క కూడా చెప్పింది. వాదనకు 5, ఆధారాలకు 5, అమరికకు 4, భాషకు 2, చివరిదానికి 1.

నేను దిద్దలేదు. ఆ రోజుకు దాన్ని బ్యాగులో పెట్టెయ్యమన్నాను. రాసిన రాత్రే చదివితే కళ్ళు కాగితం మీద లేనిది కూడా చదివేస్తాయి. వాక్యం సగంలో ఆగినా మిగతా సగం మనసులో ఉంటుంది కాబట్టి అర్థం పూర్తయినట్టే అనిపిస్తుంది. ఒక్క రాత్రి గడిస్తే ఆ సాయం కొంత తగ్గుతుంది. అంత వ్యవధి లేకపోతే స్నేహితురాలి చేత పైకి చదివించుకుని వినండి. ఆమె ఎక్కడ తడబడిందో, ఏ వాక్యం దగ్గర వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. అయితే చదివాక ఆమె "బాగుందే" అంటుంది చూడండి, ఆ మాటను మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

మర్నాడు మొదట ప్రశ్నలో క్రియ కింద గీత గీయమన్నాను. 'విశ్లేషించండి'. వివరించమంటే ఏం జరిగిందో చెప్పాలి. విశ్లేషించమంటే ఒకదానివల్ల ఇంకొకటి ఎలా జరిగిందో చూపించాలి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల పోయినన్ని మార్కులు అచ్చుతప్పుల వల్ల పోగా నేను చూడలేదు.

తర్వాత విడిగా ఒక తెల్లకాగితం తీసుకుని, ఒక్కో పేరా ఏ పని చేస్తోందో ఒక్కో లైనులో రాయమన్నాను. వ్యాసంలో ఎనిమిది పేరాలున్నాయి. ఆమె రాసింది ఇలా ఉంది. బుడమేరు అంటే ఏమిటి. వాన ఎలా కురిసింది. మా ఇంట్లోకి నీళ్ళు ఎలా వచ్చాయి. మేడ మీద ఎలా గడిపాం. పడవల్లో పాలు, ఆహారం ఎలా అందాయి. గండ్లు పడ్డాయి. ఆక్రమణలు ఉన్నాయి. ప్రభుత్వం ఏం చేయాలి.

రాయడం పూర్తయ్యాక ఆ కాగితాన్నే కాసేపు చూస్తూ ఉండిపోయింది. కారణాల గురించి ఉన్నవి రెండే పేరాలు, వాన గురించిన పేరా కూడా కలిపితే మూడు. నేనేమీ అనకముందే, "వాదనకు అయిదు రావు మేడమ్" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వ్యాసంలో అన్నిటికన్నా బాగా రాసింది మూడో పేరానే. నీళ్ళు తీశాక గోడ మీద మిగిలిన బురద గీత, వాళ్ళ తమ్ముడి భుజం ఎత్తులో ఉందని రాసింది. చదువుతుంటే నా గొంతు పట్టేసింది. కానీ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. పదిహేడు అన్న అంకె పుట్టింది అక్కడే. పడ్డ కష్టం, రాసేటప్పుడు కలిగిన బాధ, లైబ్రరీలో కూర్చున్న గంటలు, ఇవన్నీ రాసినవాళ్ళకు తెలుసు కాబట్టి తెలియకుండానే మార్కులో కలిసిపోతాయి. దిద్దేవాళ్ళ ముందు ఉండేది కాగితం ఒక్కటే.

ఆ తర్వాతది అసలైన పరీక్ష. మార్కుల పట్టికలో ఒక్కో వరస తీసుకుని, ఆ మార్కు వ్యాసంలో ఏ వాక్యం సంపాదించిందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే ఆ మార్కు లేనట్టే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పూర్తి మార్కుల నుంచి తగ్గించుకుంటూ రాకూడదు. పైనుంచి మొదలుపెడితే ఒకటో రెండో తగ్గించి చేయి ఆగిపోతుంది. సున్నా దగ్గర మొదలుపెట్టి, చూపించగలిగిన ప్రతిదానికీ ఒక్కో మార్కు కలుపుకుంటూ పైకి వెళ్ళాలి.

ఆధారాల వరసకు వచ్చాం. "ఆక్రమణల వల్ల బుడమేరు కుంచించుకుపోయింది" అని ఒక వాక్యం ఉంది. దీనికి ఆధారం ఎక్కడుంది అన్నాను. "అందరికీ తెలిసిందే కదా మేడమ్" అంది. అందరికీ తెలిసినదానికి నేను మార్కు వేయలేనమ్మా, నువ్వు కాగితం మీద చూపించినదానికే వేస్తాను అన్నాను. వెడల్పు ఎక్కడ ఎంత ఉండేదో, ఇప్పుడెంత ఉందో, ఆ సంగతి ఎవరి రికార్డులో ఉందో, ఏదీ లేదు. ఇంకో చోట, "గండ్లు పడటంతో నీరు ఊళ్ళోకి వచ్చింది" అని ఉంది. నిజమే. కానీ గండ్లు ఎందుకు పడ్డాయి? ఆ వాక్యం అక్కడితో ఆగిపోయింది.

అలా కింది నుంచి లెక్క వేసుకుంటూ వెళ్తే వాదనకు 3, ఆధారాలకు 3, అమరికకు 3, భాషకు 2, చివరిదానికి 1 తేలాయి. మొత్తం పన్నెండు. భాష దగ్గర ఆమె మొదట వేసుకున్నదీ, తర్వాత వేసుకున్నదీ ఒకటే. నిజంగానే తప్పుల్లేకుండా రాసింది. అయితే ఆ శుభ్రత చూసుకునే మిగతా వరసలూ బాగున్నాయనుకుంది. చక్కటి దస్తూరీ ఉన్న పిల్లలందరికీ ఇదే జరుగుతుంది. ఇరవైలో భాషకు ఉన్నది రెండు మార్కులేనని గుర్తుండదు.

ఈ పొరపాటు మన పిల్లలదే కాదు. అమెరికాలో జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులకు ఇంగ్లీషు వ్యాకరణ పరీక్ష ఒకటి పెట్టారు. అట్టడుగున నిలిచిన పావు వంతు విద్యార్థులు సగటున నూటికి పదిమందిని మాత్రమే దాటారు. కానీ తాము అరవై మందికి పైగా దాటామనుకున్నారు. తర్వాత ఇతరుల పేపర్లు ఇచ్చి దిద్దమంటే, బాగా రాసినవాళ్ళు తమ అంచనాను సరిచేసుకున్నారు. వెనకబడినవాళ్ళు సరిచేసుకోలేకపోయారు. అందుకే "పక్కవాళ్ళ వ్యాసంతో పోల్చి చూసుకో" అని ఊరికే చెబితే లాభం లేదంటాను. ఏ వరసలో ఏం చూడాలో చేతిలో కాగితం ఉండాలి. మీ మాస్టారు మార్కుల పట్టిక ఇవ్వకపోతే వెళ్ళి అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. చేతిలో ఒక్క సాయంత్రం ఉంది. ఎనిమిది పేరాలూ తిరగరాయడానికి సమయం లేదు. ఎక్కువ మార్కులు పోయిన చోట ముందు చేయి పెట్టాలి. వాదనలోనూ ఆధారాల్లోనూ మూడేసి పోయాయి, వాటిలో వాదనను ఎంచుకుంది. మేడ మీద గడిపిన పేరా, పడవల పేరా తీసేసింది. ఆ చోట గండ్ల సంగతి విప్పి రాసింది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ నుంచి బుడమేరు వరదను మళ్ళింపు కాలవ ద్వారా కృష్ణలోకి పంపుతారు. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నదే నిండి ఎత్తున ఉంటే కాలవ నీరు అందులోకి ఎలా దిగుతుంది? వెనక్కి ఎగదన్నింది. కాలవ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీరు బుడమేరు పాత దారి పట్టి పల్లంలో ఉన్న కాలనీల మీదికి వచ్చింది. ఇప్పుడు ఒకదాని వెనక ఇంకొకటి వరసగా నిలబడింది. వాన ఒక్కటే కాదు, రెండు వరదలు ఒకేసారి రావడం కారణమని చదివేవాళ్ళకు తెలుస్తుంది.

బురద గీత వాక్యాన్ని తీసెయ్యొద్దని మాత్రం నేనే చెప్పాను. దాన్ని మొదటి పేరాలోకి తెచ్చి, "ఈ గీత ఇంత ఎత్తుకు ఎందుకు చేరింది?" అనే ప్రశ్నతో వ్యాసం మొదలుపెట్టింది.

మళ్ళీ లెక్క వేసుకుంది. వాదన 5, ఆధారాలు 4, అమరిక 3, భాష 2, చివరిది 1. పదిహేను. ఒక్క అంకె రాయొద్దు, ఇటొకటి అటొకటి వదిలి రాసుకో అన్నాను. ఒకే వ్యాసాన్ని ఇద్దరు లెక్చరర్లు దిద్దితే ఒకటి రెండు మార్కులు తేడా రావడం మాకు మామూలే. నేనే ఒక పేపరును ఉదయం దిద్దినట్టు సాయంత్రం దిద్దకపోవచ్చు. ఆ తేడాను విద్యార్థి ఎంత జాగ్రత్తపడినా ముందుగా పట్టుకోలేడు. కాబట్టి అంచనా 14 నుంచి 16 లోపు అని రాసుకుంది.

రాసుకోవడం అంటే మనసులో అనుకోవడం కాదు. నోటుబుక్కు చివరి పేజీలో తేదీ వేసి, వరసవారీగా రాసుకోవాలి. రాయకపోతే మార్కులు వచ్చిన రోజున "నేను ముందే అనుకున్నాలే" అనిపిస్తుంది. జ్ఞాపకం వచ్చిన మార్కు వైపే జరిగిపోతుంది. నాలుగైదు వ్యాసాలకు ఇలా రాస్తూ పోతే ఎవరి వాటం ఏమిటో బయటపడుతుంది. కొందరు ప్రతిసారీ మూడు ఎక్కువ వేసుకుంటారు. బాగా చదివే పిల్లల్లో కొందరు రెండు తక్కువ వేసుకుని, చక్కగా ఉన్న పేరాను టెన్షన్‌తో కొట్టేస్తుంటారు. అది కూడా తప్పు అంచనానే.

ఆ అమ్మాయి వ్యాసానికి నేను వేసింది 14. పేపర్లు ఇచ్చిన రోజున స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరికి రాలేదు. క్లాసులోనే తన బెంచీ మీద కూర్చుని, నోటుబుక్కు చివరి పేజీ తీసి, తన అంకెల పక్కన నా అంకెలు రాసుకుంటోంది. నాలుగు వరసల్లో ఇద్దరివీ ఒకటే. ఆధారాల దగ్గర తను 4 వేసుకుంటే నేను 3 వేశాను. దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన రాసుకుంది: "ఆక్రమణల వాక్యానికి ఆధారం ఇప్పటికీ పెట్టలేదు."